కాలేయం గట్టిపడితే పొట్టలో నీరెందుకు? అన్నవాహికలో నరాలు ఎందుకు ఉబ్బుతాయి?

కోవూరు అబ్బాయి | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది కోవూరు దగ్గర ఒక పల్లె. మా నాయనకు 56 ఏళ్లు. ఇరవై ఏళ్లపాటు రోజూ తాగారు. ఎనిమిది నెలలుగా చుక్క ముట్టలేదు. పోయిన నెలలో పొట్ట బిగిసిపోయి పంచె కట్టుకోవడం కూడా కష్టమైతే నెల్లూరు తీసుకెళ్లి చూపించాము. కాలేయం కుంచించుకుపోయి గరుకుగా ఉందని, ప్లీహం 16 సెంటీమీటర్లకు పెరిగిందని స్కానింగులో రాశారు. సిర్రోసిస్ అన్నారు. పొట్టలోంచి సూదితో 6 లీటర్ల నీరు తీశారు. ఎండోస్కోపీలో అన్నవాహిక అడుగున నరాలు ఉబ్బి, వాటిమీద ఎర్రటి చుక్కలు కనిపించాయని రబ్బరు బ్యాండ్లు వేశారు.

నీరు తీసిన రోజు ఆయన బరువు 61 కిలోలు. ఈ రోజు పదిహేనో రోజు, మళ్లీ 67. పొట్ట మళ్లీ కుండలా అయింది. ఉప్పు తగ్గించమన్నారు కాబట్టి అమ్మ ఆయనకు విడిగా వండుతోంది. రోజు మొత్తానికి అర చెంచాకు మించి వేయడం లేదు. నీళ్లు మాత్రం మామూలుగా తాగవచ్చన్నారు. నాకు ఇదే అర్థం కాలేదు. పొట్టలో ఉన్నది నీరైతే తగ్గించాల్సింది నీళ్లు కదా? పైగా చెడిపోయింది కాలేయం, ఉబ్బింది గొంతు కింద నరం, నిండింది పొట్ట. ఈ మూడింటికీ ఏమిటి సంబంధం? వార్డులో అడిగేంత సమయం దొరకలేదు. తెలిసినవారు చెప్పండి.

కావలి శేషయ్య | సోమవారం, రాత్రి 10:15

బాబూ, మా తోడల్లుడికి ఇదే జబ్బు, కాబట్టి చెబుతున్నాను. రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తిని కాలేయమే తయారుచేస్తుంది. అది తగ్గితే రక్తం నీటిని పట్టుకోలేదు, నీరు బయటికి ఊరిపోతుంది. అందుకే నీరు తీసినప్పుడు ఆల్బుమిన్ సీసాలు ఎక్కిస్తారు. మీ నాయనకు కోడిగుడ్డు తెల్లసొన బాగా పెట్టండి, నీళ్లు లీటరు లోపే ఉంచండి. వారంలో తేడా కనిపిస్తుంది.

వేదాయపాళెం డాక్టరు | సోమవారం, రాత్రి 11:02

జీర్ణకోశ వ్యాధుల వైద్యంలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. శేషయ్యగారు చెప్పిన దానిలో సగం నిజం. ఆల్బుమిన్ తగ్గితే నీరు ఊరడం సులువవుతుంది. కానీ అదొక్కటే కారణమైతే నీరు ముందుగా కాళ్లకూ, కళ్ల కింద ముఖానికీ రావాలి. మూత్రపిండాల జబ్బులో ఆల్బుమిన్ పోయినవారికి అలాగే వస్తుంది. కోవూరు అబ్బాయి వాళ్ల నాయనకు ముందు పొట్ట నిండింది, ప్లీహం పెరిగింది, అన్నవాహికలో సిరలు ఉబ్బాయి. ఈ మూడూ ఒకే గుంపుగా వచ్చాయంటే ఒకే పెద్ద సిరలో ఒత్తిడి పెరిగిందని అర్థం.

అబ్బాయీ, నీరు తీసిన రోజు దానిని పరీక్షకు పంపి ఉంటారు. ఆ కాగితంలో నీటి ఆల్బుమిన్, అదే రోజు రక్తంలోని ఆల్బుమిన్ ఎంతో రాయండి. అక్కడి నుంచి మాట్లాడుకుందాం.

కోవూరు అబ్బాయి | మంగళవారం, ఉదయం 6:50

డాక్టరుగారూ, కాగితం తీశాను. రక్తంలో 2.6, నీటిలో 0.6. ప్లేట్‌లెట్లు 68 వేలు. రోజంతటి మూత్రం పట్టమని చెప్పి సోడియం పరీక్ష కూడా చేయించారు. అది 38 అని ఉంది. మూత్రంలో ఉప్పు, నీరు పోవడానికని ఇచ్చిన స్పైరోనోలాక్టోన్ 100 మాత్ర రోజుకు ఒకటి వేసుకుంటున్నారు.

వేదాయపాళెం డాక్టరు | మంగళవారం, ఉదయం 7:30

మంచి పరీక్షలు చేయించారు. 2.6లోంచి 0.6 తీసేస్తే 2. ఈ తేడా 1.1 గానీ అంతకుమించి గానీ ఉంటే, ఆ నీరు ఒత్తిడి వల్ల తోసుకువచ్చిందని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. ఒత్తిడి నీటిని నెట్టగలదు, పెద్ద అణువైన ఆల్బుమిన్‌ను మాత్రం అంత తేలికగా నెట్టలేదు. అందుకే అది రక్తంలోనే ఉండిపోయింది, పలచటి నీరు మాత్రం బయటికి వచ్చింది. పొట్టలో క్షయ వల్లనో, పొట్ట పొరకు వ్యాపించిన క్యాన్సర్ వల్లనో నీరు వస్తే ఆ పొరే ఆల్బుమిన్‌ను వదులుతుంది కాబట్టి తేడా బాగా తక్కువగా ఉంటుంది.

ఇప్పుడు ఒత్తిడి ఎక్కడ పుట్టిందో చూద్దాం. కాళ్ల నుంచి, చేతుల నుంచి వచ్చే సిరలు నేరుగా గుండెకు చేరతాయి. పేగులు, జీర్ణాశయం, ప్లీహం నుంచి వచ్చే రక్తం అలా కాదు. అదంతా ఒకే సిరగా కలిసి ముందు కాలేయంలోకి వెళుతుంది. దానిని ద్వార సిర అంటాం. పెద్దవారిలో దాని గుండా నిమిషానికి సుమారు ఒక లీటరు రక్తం పారుతుంది. కాలేయంలోకి వెళ్లాక అది లక్షల సన్నని కాలువలుగా చీలిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ కాలువల గోడలకు కిటికీల్లాంటి రంధ్రాలుంటాయి, రక్తం కాలేయ కణాలను తాకుతూ తేలికగా జారిపోతుంది. అంత రక్తం పారినా, కాలేయానికి ఇవతలి ఒత్తిడికీ అవతలి ఒత్తిడికీ తేడా 5 మిల్లీమీటర్ల లోపే. చేతికి పట్టీ కట్టి చూసే 120తో పోల్చుకుంటే ఎంత మెత్తటి దారో తెలుస్తుంది.

ఆ కాలువ గోడకూ కాలేయ కణానికీ నడుమ ఉన్న సన్నని సందులో విటమిన్ ఏ నిల్వ చేసుకుని నిమ్మళంగా ఉండే కణాలు కొన్ని ఉన్నాయి. మద్యం గానీ, హెపటైటిస్ బి, సి వైరస్‌లు గానీ, చక్కెర జబ్బుతో వచ్చే కొవ్వు గానీ కాలేయ కణాలను ఏళ్ల తరబడి చంపుతూ పోతే, ఈ నిమ్మళపు కణాల స్వభావమే మారిపోతుంది. విటమిన్‌ను వదిలేసి పీచు నేయడం మొదలుపెడతాయి. అది గాయం మానేటప్పుడు చర్మంమీద మచ్చ కట్టే పీచే. ఆ పీచు సందులో పేరుకున్నకొద్దీ కిటికీలు మూసుకుపోతాయి. మిగిలిన కాలేయ కణాలు మళ్లీ పెరగాలని ప్రయత్నిస్తాయి గానీ, పీచు గోడల మధ్య చిక్కుకుని గుండ్రటి ముద్దలుగా పెరుగుతాయి. ఆ ముద్దలు పక్కనున్న సన్నని సిరలను నొక్కుతాయి. స్కానింగులో గరుకుగా ఉందని రాసింది ఈ ముద్దలను చూసే.

సంగం లస్కరు | మంగళవారం, ఉదయం 9:05

డాక్టరుగారికి నమస్కారం. పెన్నా కాలువల మీద లస్కరుగా ముప్ఫై ఏళ్లు పనిచేసి దిగాను. మీరు చెప్పింది నాకు ఇట్టే అర్థమైంది. దిగువ తూము పూడుకుపోతే కాలువలో నీటిమట్టం లేస్తుంది, ఎక్కడ కట్ట బలహీనంగా ఉంటే అక్కడ గండి పడుతుంది. కానీ ఒక సందేహం. దిగువ పూడిందని తెలిస్తే మేము పైన షట్టరు దించుతాము. శరీరం ఆ పని ఎందుకు చేయదు? పైనుంచి వచ్చే రక్తం తగ్గిపోవాలి కదా?

వేదాయపాళెం డాక్టరు | మంగళవారం, మధ్యాహ్నం 1:40

అయ్యా, ఈ జబ్బుకు గుండెకాయ లాంటి ప్రశ్న అడిగారు. శరీరం షట్టరు దించకపోగా ఇంకా పైకెత్తుతుంది.

దిగువ ఒత్తిడి పెరిగినప్పుడు పేగులకు వెళ్లే ధమనుల గోడల్లో నైట్రిక్ ఆక్సైడ్ వంటి పదార్థాలు ఎక్కువగా తయారవుతాయి. అవి ఆ ధమనులను వెడల్పు చేస్తాయి. దానితో పేగులకు ఇంకా ఎక్కువ రక్తం వెళ్లి, అదంతా మళ్లీ ద్వార సిరలోకే వస్తుంది. విచిత్రం ఏమిటంటే కాలేయం లోపల మాత్రం అదే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోతుంది, అక్కడి పీచు కణాలు కండరంలా బిగుసుకుంటాయి. వెళ్లే దారి ఇరుకై, వచ్చే ప్రవాహం పెరిగి, ఒత్తిడి రెండు వైపులా ఎగదోస్తుంది.

ఇక్కడి నుంచే పొట్టలో నీటి కథ మొదలవుతుంది. పేగుల ధమనులు అంత వెడల్పయ్యేసరికి రక్తం అక్కడే నిలుస్తుంది, మిగతా ధమనులు సగం ఖాళీగా ఉన్నట్టు అవుతాయి. మూత్రపిండాలకు కనిపించేది ఆ ఖాళీయే. ఒంట్లో ఉన్న మొత్తం నీరు ఎంతో వాటికి తెలియదు. రక్తం పోయిందేమో, ఎండకు వాడిపోయాడేమో అన్నట్టు ఉప్పును బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. మూత్రపిండాలు ఏ జబ్బూ లేకుండానే మోసపోతాయన్న మాట. ఉప్పు నిలిస్తే దాని వెంట నీరు నిలుస్తుంది. నిలిచిన నీరు ఎక్కడ ఒత్తిడి ఎక్కువగా ఉందో అక్కడ, అంటే కాలేయం నుంచీ పేగుల నుంచీ, ఊటలా పొట్టలోకి దిగుతుంది. మామూలుగా ఆ ఊటను శోషరస నాళాలు ఎత్తిపోస్తూనే ఉంటాయి. అవి ఎత్తిపోయగలిగిన దానికన్నా ఊట పెరిగిన రోజు నుంచి పొట్ట ఉబ్బుతుంది.

కాబట్టి అబ్బాయీ, తగ్గించాల్సింది ఉప్పు. ఉప్పు లేనిదే నీరు నిలవదు, ఎక్కువైన నీరు మూత్రంలో వెళ్లిపోతుంది. రక్తంలో సోడియం 125 కన్నా తగ్గినప్పుడు మాత్రం నీళ్లకు కూడా కొలత పెడతాము. మీ నాయనది ఎంత ఉంది?

కోవూరు అబ్బాయి | మంగళవారం, మధ్యాహ్నం 2:10

134 అండీ.

బుచ్చిరెడ్డిపాళెం మురళి | మంగళవారం, సాయంత్రం 5:25

అన్నా, నాకూ స్కానింగులో ఫ్యాటీ లివర్ గ్రేడ్ ఒకటి అని వచ్చింది. రెండేళ్లుగా పొట్ట పెరుగుతోంది. అంటే నాకూ నీరు పడుతున్నట్టేనా? ఇది చదివినప్పటి నుంచి నాకు తిండి సహించడం లేదు.

వేదాయపాళెం డాక్టరు | మంగళవారం, సాయంత్రం 6:00

మురళీ, నీరు పడి ఉంటే అదే స్కానింగులో రాసేవారు. అరలీటరు కన్నా తక్కువ ఉన్నా స్కానింగులో కనిపిస్తుంది. కొవ్వు పొట్ట నెలల మీద, ఏళ్ల మీద పెరుగుతుంది. నీటి పొట్ట రోజులు, వారాల్లో పెరుగుతుంది, పడుకుంటే పక్కలకు జారుతుంది. పక్కకు తిప్పి వేలితో తట్టి చూస్తే మోత చోటు మారుతుంది. మీకు ఉన్నది వేరే విషయం, దానికి వేరే చర్చ పెట్టండి, తప్పకుండా జవాబిస్తాను. చక్కెర పరీక్ష ఒకటి చేయించుకుని రండి.

టంగుటూరు అక్క | మంగళవారం, రాత్రి 8:45

తమ్ముడూ, మీ నాయనకు ముందే బ్యాండ్లు వేశారు, మీరు అదృష్టవంతులు. మా ఆయనకు ఆ నరాలు ఉన్నాయనే మాకు తెలియదు. ఆయన జీవితంలో మద్యం ముట్టలేదు. హెపటైటిస్ బి ఎప్పుడు వచ్చిందో, ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి.

రెండు రోజులు విరేచనం నల్లగా, తారులా జిగురుగా, చెప్పలేని దుర్వాసనతో అయింది. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడుతున్నారు కదా, వాటివల్లే అనుకున్నాము. మొదట వెళ్లిన చోట కూడా అదే మాట చెప్పి, గ్యాస్ మాత్ర ఇచ్చి పంపారు. మూడో రోజు తెల్లవారుజామున బక్కెట్లో రక్తం వాంతి చేసుకున్నారు. ఒంగోలు చేరేసరికి ఒళ్లు చల్లబడింది, మనిషి మాట తడబడింది. అక్కడ ముందు ఏదో ఇంజక్షన్ మొదలుపెట్టి, యాంటీబయాటిక్ ఇచ్చి, ఆ తర్వాత ఎండోస్కోపీ చేసి అయిదు బ్యాండ్లు వేశారు.

ఒక సంగతి నాకు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. హిమోగ్లోబిన్ 5.8 ఉంటే రెండు సీసాల రక్తమే ఎక్కించారు. మా మరిది, మా తమ్ముడు ఇంకో నలుగురు రక్తం ఇవ్వడానికి వరసలో నిలబడ్డారు. ఏడు దాటింది, ఇక వద్దన్నారు. అప్పుడు నేను ఆ డాక్టరుతో గొడవపడ్డాను. ఎందుకలా చేశారండీ?

వేదాయపాళెం డాక్టరు | మంగళవారం, రాత్రి 10:20

అమ్మా, మీరు పడిన బాధ అర్థమవుతోంది. కానీ ఆ డాక్టరు చేసింది మంచి పని. లస్కరుగారి కాలువనే గుర్తు చేసుకోండి. గండి ఇప్పుడే పూడ్చారు, మట్టి ఇంకా తడిగా ఉంది. అప్పుడు పైనుంచి నిండుగా నీరు వదిలితే ఏమవుతుంది? ఈ జబ్బులో రక్తం ఎక్కువగా ఎక్కిస్తే ద్వార సిరలో ఒత్తిడి మళ్లీ లేస్తుంది, ఆగిన రక్తస్రావం మళ్లీ మొదలవుతుంది. అందుకే హిమోగ్లోబిన్ 7, 8 మధ్య ఉంచడమే లక్ష్యం. మొదట ఇచ్చిన ఇంజక్షన్ పేగుల ధమనులను ముడిచేది అయి ఉంటుంది. శరీరం దించని షట్టరును మందుతో దించడం అది. యాంటీబయాటిక్ ఎందుకంటే, రక్తస్రావమైన సిర్రోసిస్ రోగులు చాలామంది ఆ తర్వాత వచ్చే ఇన్‌ఫెక్షన్‌తోనే పోతారు.

మూడు రకాల నలుపు గురించి చెప్పాలి. ఐరన్ మాత్ర వల్ల వచ్చే నలుపు కొంచెం ఆకుపచ్చగా, గట్టిగా ఉంటుంది, అంత వాసన ఉండదు. జీర్ణమైన రక్తం తారులా మెరుస్తూ, జిగటగా, ఘాటైన వాసనతో ఉంటుంది. కాలేయ జబ్బు ఉన్నవారికి ఈ రెండింటిలో ఏదో ఇంట్లో తేల్చుకోవడానికి ప్రయత్నించకూడదు. వెంటనే బయలుదేరాలి. మూడోది నేరేడుపళ్లు తిన్న మరునాటి నలుపు, దాని గురించి భయం లేదు.

ఇక అన్నవాహికే ఎందుకు అన్న ప్రశ్న. ద్వార సిరలో, దాని కొమ్మల్లో కవాటాలు లేవు. కాళ్ల సిరల్లో రక్తం వెనక్కి జారకుండా కవాటాలు ఆపుతాయి. ఇక్కడ అలాంటిది లేదు కాబట్టి దారి మూసుకుపోతే రక్తం ఎంత మాత్రం సంకోచం లేకుండా వెనక్కి తిరుగుతుంది. పుట్టినప్పటి నుంచీ ఈ సిరలు గుండెకు వెళ్లే మామూలు సిరలతో కొన్నిచోట్ల సన్నగా కలిసి ఉంటాయి. అన్నవాహిక అడుగుభాగం, బొడ్డు చుట్టూ, మలద్వారం దగ్గర. ఒత్తిడి తేడా 10 మిల్లీమీటర్లు దాటితే ఈ సన్నని దారులు లావెక్కుతాయి. 12 దాటాక తెగే ప్రమాదం వస్తుంది. ప్లీహం నుంచి వచ్చే రక్తం కూడా ఇటే రావాలి కాబట్టి అది నిలిచి ప్లీహం ఉబ్బుతుంది, ప్లేట్‌లెట్లను తనలో దాచుకుంటుంది. అబ్బాయి వాళ్ల నాయనకు 68 వేలే ఉండడానికి అదొక కారణం.

బొడ్డు దగ్గరి సిర ఉబ్బితే చర్మం, కొవ్వు దానికి ఆసరాగా ఉంటాయి. అన్నవాహిక చివరి నాలుగైదు సెంటీమీటర్లలో సిరలు లోపలి పలచటి పొర కిందే పైపైన పరుగెడతాయి. ఆసరా ఏమీ లేదు. సైకిలు ట్యూబులో ఒకచోట బొడిపె లేస్తే ఏమవుతుందో చూసే ఉంటారు. గాలి అదే, కానీ బొడిపె లేచినచోట రబ్బరు పలచనవుతుంది, పలచనైన చోటే ఇంకా ఉబ్బుతుంది. సిర కూడా అంతే. ఎంత లావైతే, గోడ ఎంత పలచనైతే అంత సాగదీత. ఎండోస్కోపీలో కనిపించిన ఎర్రటి చుక్కలు గోడ పలచనైన చోట్లు. అందుకే రక్తం పడకముందే బ్యాండ్లు వేశారు.

కావలి శేషయ్య | బుధవారం, ఉదయం 7:15

డాక్టరుగారూ, నేను ఆల్బుమిన్ ఒక్కటే చూశాను, ఒప్పుకుంటున్నాను. కానీ మా తోడల్లుడికి నీరు తీసినప్పుడల్లా ఆల్బుమిన్ ఎక్కించారు. ఒత్తిడే కారణమైతే అంత ఖరీదైన సీసాలెందుకు? ఇంకో మాట, పప్పు, గుడ్డు తింటే మనిషి మత్తులోకి వెళతాడని ఆయనకు అన్నం మజ్జిగే పెడుతున్నారు. అది సరైనదేనా?

వేదాయపాళెం డాక్టరు | బుధవారం, ఉదయం 8:00

ఒకేసారి 5 లీటర్లకు మించి తీస్తే ధమనులు ఇంకా ఖాళీ అయినట్టు మూత్రపిండాలకు అనిపిస్తుంది, కొందరిలో అవి పనిచేయడమే మానేస్తాయి. ఆ ఖాళీ పూడ్చడానికే తీసిన ప్రతి లీటరుకూ సుమారు 8 గ్రాముల లెక్కన ఆల్బుమిన్ ఇస్తాము. అది పొట్ట నీటికి విరుగుడు అనుకోవద్దు.

అన్నం మజ్జిగ మాత్రమే పెట్టడం పాత పద్ధతి, దయచేసి మాన్పించండి. ఈ జబ్బులో కండ కరిగిపోతుంది. కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. నీటి బరువు లెక్కలోకి రాదు. రాత్రి పడుకునే ముందు కూడా ఏదైనా తినిపించండి. చెడిపోయిన కాలేయం రాత్రంతా ఉపవాసానికి సరిపడా పిండిపదార్థం దాచుకోలేదు, తెల్లవారేసరికి కండను కరిగించుకుంటుంది. గుడ్డు గురించి మీరు మొదట చెప్పింది మంచి మాటే. ఆ గుడ్డు వారంలో నీరు తగ్గించదు, అంతవరకే.

కోవూరు అబ్బాయి | బుధవారం, రాత్రి 9:10

డాక్టరుగారూ, ఉప్పు లెక్క నాకు పట్టుకుంది. అర చెంచా ఉప్పుతోనే ఆరు కిలోలు ఎలా పెరిగారు?

వేదాయపాళెం డాక్టరు | బుధవారం, రాత్రి 10:05

లెక్క వేద్దాం. పొట్టలోని నీరు రక్తమంత ఉప్పగానే ఉంటుంది. ఒక లీటరులో సుమారు ఏడున్నర గ్రాముల ఉప్పు. 15 రోజుల్లో 6 కిలోలు, అంటే రోజుకు 400 మిల్లీలీటర్లు. అంత నీరు నిలవాలంటే రోజుకు 3 గ్రాముల ఉప్పు ఒంట్లో మిగలాలి.

మూత్రంలో సోడియం 38 అన్నారు, అది ఉప్పుగా చూస్తే 2.2 గ్రాములు. మాత్ర వేసుకుంటున్నా రోజుకు పోతున్నది అంతే. చెమటలో పోయేది కొద్దిగా ఉంటుంది, దానిని వదిలేద్దాం. మిగిలింది 3, పోయింది 2.2, కాబట్టి లోపలికి వెళ్లింది కనీసం 5.2 ఉండాలి. మీ అమ్మగారు వేసిన అర చెంచా రెండున్నర గ్రాములు. పాలు, ఆకుకూరల్లో సహజంగా ఉండేది మరో గ్రాము. మొత్తం మూడున్నర. ఇంకా 1.7 గ్రాములు ఎక్కడి నుంచో వస్తోంది. ఊరగాయ, అప్పడం, ఎండుచేపలు, బయటి ఇడ్లీ, గ్యాస్ పొడి, ఏదో ఒకటి. అమ్మగారిని తప్పుపట్టకుండా మెల్లగా అడగండి. నాయనగారిని విడిగా అడగండి.

కోవూరు అబ్బాయి | గురువారం, ఉదయం 6:20

దొరికింది. పొట్ట ఉబ్బరంగా ఉందని నాయన రోజూ రాత్రి అర చెంచా వంటసోడాలో నిమ్మకాయ పిండుకుని తాగుతున్నారు. అమ్మకు తెలుసు. అది ఉప్పు కాదు కదా అని నాతో చెప్పలేదు. నాకు తెలిసినా అడ్డుచెప్పేవాడిని కాదేమో.

కావలి శేషయ్య | గురువారం, ఉదయం 7:40

వంటసోడా ఉప్పగా ఉండదు కదా బాబూ. అది నీరు ఎలా చేరుస్తుంది? నిమ్మరసంతో కలిస్తే పొంగి విరిగిపోతుంది కూడా.

వేదాయపాళెం డాక్టరు | గురువారం, ఉదయం 8:30

పొంగేటప్పుడు గాలిగా పోయేది బొగ్గుపులుసు వాయువు. సోడియం గ్లాసులోనే ఉంటుంది. మూత్రపిండాలు పట్టి ఉంచేది ఆ సోడియాన్నే, నాలుకకు ఉప్పదనం తగలకపోయినా సరే. అర చెంచా వంటసోడాలో ఉన్న సోడియం ఒకటిన్నర గ్రాములకు పైగా ఉప్పుకు సమానం. మన లెక్కలో దొరకనిది 1.7. వంటసోడా శరీరంలో నీటిని సరిగ్గా ఉప్పంతగానే నిలుపుతుందా అన్న దానిమీద వైద్యుల్లో భిన్నాభిప్రాయం ఉంది, కాబట్టి లెక్క గ్రాముకు గ్రాము సరిపోయిందని నేను అనను. కానీ ఈ రోగికి అది మానాల్సిందే. ఆ ఉబ్బరం గ్యాస్ వల్ల కాదు, లోపలి నీరు జీర్ణాశయాన్ని నొక్కడం వల్ల. సోడా తాగితే నీరు పెరుగుతుంది, నీరు పెరిగితే ఉబ్బరం, ఉబ్బరానికి మళ్లీ సోడా.

సోడా మానినా రోజుకు గ్రాముకు పైగా మిగులుతూనే ఉంటుందని మన లెక్కే చెబుతోంది. కాబట్టి మాత్ర మోతాదు సంగతి మీ డాక్టరుతో మాట్లాడండి. పొటాషియం, క్రియాటినిన్ చూడకుండా మీరుగా పెంచవద్దు. కాళ్ల వాపు లేని మనిషికి రోజుకు అరకిలోకు మించి బరువు తగ్గించకూడదు. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి అసలు వద్దు, మోసపోయిన మూత్రపిండాలను అవి నిజంగానే పడగొడతాయి.

సంగం లస్కరు | గురువారం, మధ్యాహ్నం 12:15

బ్యాండ్లు వేశాక ఒత్తిడి తగ్గినట్టేనా అయ్యా?

వేదాయపాళెం డాక్టరు | గురువారం, మధ్యాహ్నం 1:30

లేదు. ఆ ఒక్కచోట గండి పడకుండా కట్ట వేశాము, నీటిమట్టం అలాగే ఉంది. అందుకే రెండు నుంచి నాలుగు వారాలకోసారి మళ్లీ చూసి, సిరలన్నీ మాడిపోయేదాకా వేస్తాము, ఆ తర్వాత కూడా కొన్ని నెలలకోసారి చూస్తాము. మట్టం దించడానికి కార్వెడిలాల్, ప్రొప్రనోలాల్ వంటి మాత్రలున్నాయి. అవి పేగులకు వెళ్లే ప్రవాహాన్నే తగ్గిస్తాయి. కాలేయం లోపలే ద్వార సిర నుంచి అవతలి సిరకు లోహపు గొట్టం వేసే పద్ధతి కూడా ఉంది. ఒత్తిడి దిగిపోతుంది. కానీ కాలేయం శుభ్రం చేయాల్సిన రక్తం నేరుగా మెదడుకు చేరి కొందరిలో మతిభ్రమ వస్తుంది.

కోవూరు అబ్బాయి | గురువారం, రాత్రి 9:00

కార్వెడిలాల్ నాయనకు మొదట ఇచ్చారు. పైబీపీ 86కు పడిందని ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టమని అడగమంటారా?

వేదాయపాళెం డాక్టరు | గురువారం, రాత్రి 9:45

పైబీపీ 90 కన్నా తక్కువ ఉంటే ఆపడమే సరి. నీరు తగ్గి, బీపీ నిలబడ్డాక చిన్న మోతాదుతో మళ్లీ ప్రయత్నించవచ్చా అన్నది ఆయనను చూస్తున్న డాక్టరు తేల్చాలి. నేనైతే ప్రయత్నిస్తాను, నా సహచరుల్లో కొందరు బ్యాండ్లతోనే సరిపెడతారు. ఈలోగా జ్వరం, పొట్ట నొప్పి, కొత్తగా తికమక మాటలు, వీటిలో ఏది వచ్చినా అదే రోజు నీటిలో కణాల పరీక్ష చేయించాలి. ఆ నీటికి చీము పడితే గంటలే లెక్క.

టంగుటూరు అక్క | శుక్రవారం, ఉదయం 6:30

తమ్ముడూ, బ్యాండు వేసిన వారం పది రోజులకు అది ఊడి అక్కడ పుండు పడుతుంది. మా ఆయనకు అప్పుడు మళ్లీ కొంచెం రక్తం పడింది. ఆ రోజుల్లో గట్టివి, జంతికల లాంటివి పెట్టవద్దు. మెత్తగా కలిపి పెట్టండి.

కోవూరు అబ్బాయి | తర్వాతి శుక్రవారం, రాత్రి 8:20

సోడా మాని ఎనిమిది రోజులు. మొన్న సోమవారం పరీక్షలు చూసి మాత్ర రోజుకు రెండు చేశారు, ఇంకో మాత్ర కలిపారు. సోమవారం దాకా రోజుకు రెండు వందల గ్రాముల లెక్కన పెరిగి 67.8కి వచ్చారు, ఆ తర్వాత నాలుగు రోజుల్లో 66.4. బరువు చూసే యంత్రం గుమ్మం పక్కన పెట్టాము, రోజూ ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక నాయనే ఎక్కి, క్యాలెండరు మీద రాసుకుంటున్నారు. రెండో విడత బ్యాండ్లకు వచ్చే గురువారం రమ్మన్నారు. అక్కా, అన్నం మెత్తగా పిసికి పెడుతున్నాము.